రౌటర్ ఇంకా ఫ్యాక్టరీ లాగిన్‌తోనే నడుస్తోందా?

ఇంటి నెట్‌వర్క్‌ని పరీక్షించే సదుపాయం ఇప్పుడు చాలా యాంటీవైరస్ ప్రోగ్రాముల్లో ఉంటోంది. ఒక్కసారి బటన్ నొక్కితే వైఫైకి కలిసి ఉన్న ఫోన్లు, టీవీలు, కెమెరాలు, ప్రింటర్లు అన్నీ వరసగా కనిపిస్తాయి. ఎక్కడ లోపముందో అక్కడ ఎర్ర గుర్తు పడుతుంది. చాలా ఇళ్లలో ఆ ఎర్ర గుర్తు పడేది రౌటర్ దగ్గరే. కంపెనీ ఇచ్చిన లాగినే ఇంకా వాడుకలో ఉందనో, పాస్‌వర్డ్ మరీ తేలిగ్గా ఉందనో దాని సారాంశం. అది చూసి ఎక్కువమంది ఏం చేస్తారంటే, వైఫై పాస్‌వర్డ్ మార్చేస్తారు. ఫోన్లూ టీవీలూ అన్నీ మళ్లీ కలుపుకుని పని అయిపోయిందనుకుంటారు. ఇంకోసారి పరీక్ష పెట్టి చూస్తే ఎర్ర గుర్తు అలాగే ఉంటుంది.

ఎందుకంటే రౌటర్‌కి పాస్‌వర్డులు రెండు. మొదటిది వైఫైలోకి రావడానికి. చుట్టాలొస్తే మనం చెప్పేది, పిల్లలకి నోటికొచ్చేది ఇదే. రెండోది రౌటర్ సెట్టింగుల్లోకి వెళ్లడానికి. ఇది ఇంట్లో చాలామందికి ఉందని కూడా తెలియదు. నెట్ పెట్టడానికి వచ్చిన కుర్రాడు ఫోన్‌లో ఏదో పేజీ తెరిచి, రెండు నిమిషాలు టకటకా కొట్టి వెళ్లిపోతాడు. ఆ పేజీ తాళం ఈ రెండోది. పాత మోడళ్లలో యూజర్‌నేమ్ admin, పాస్‌వర్డ్ కూడా admin. ఆ మోడల్ ఎన్ని లక్షల ఇళ్లలో ఉంటే అన్ని ఇళ్లలోనూ అదే. కంపెనీ మాన్యువల్‌లో అచ్చువేసి ఉంటుంది, వెతికితే ఎవరికైనా దొరుకుతుంది.

“నా ఇంట్లో మూలనున్న పెట్టెలోకి ఎవడొస్తాడు?” అనిపించడం సహజం. 2016లో వచ్చిన మిరాయ్ అనే మాల్వేర్ ఈ ప్రశ్నకి సూటిగా జవాబు చెప్పింది. అందులో పెద్ద తెలివేమీ లేదు. అరవై చిల్లర ఫ్యాక్టరీ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ జతల జాబితా పట్టుకుని ఇంటర్నెట్‌లో కనిపించిన ప్రతి కెమెరా, రౌటర్, రికార్డర్ మీదా వరసగా ప్రయత్నించడమే దాని పని. అలా పోగైన పరికరాల సైన్యంతో ఆ ఏడాది అక్టోబర్ 21న డిన్ అనే సంస్థ మీద దాడి జరిగి, అమెరికాలో ట్విటర్, నెట్‌ఫ్లిక్స్ లాంటి సైట్లు గంటల తరబడి అందకుండా పోయాయి. మన దేశంలో 2017 జులైలో బీఎస్ఎన్ఎల్ బ్రాడ్‌బ్యాండ్ మోడెముల మీద మాల్వేర్ దాడి జరిగింది. దెబ్బతిన్నవి ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ మార్చని మోడెములు. పాస్‌వర్డ్ మార్చుకోండని సంస్థ అప్పుడు వినియోగదారులకి సూచన జారీ చేసింది.

ఈ దాడులు బయటి నుంచి వచ్చినవి. బయటి దారి మూసి ఉంటే చాలు కదా అంటే, చాలదు. రౌటర్ లాగిన్ పేజీ మన ఇంట్లోని బ్రౌజర్‌కి ఎప్పుడూ అందుబాటులోనే ఉంటుంది. ఏదో ఒక చెడ్డ వెబ్‌పేజీ తెరిచామనుకోండి. అందులో దాగిన కోడ్ మన బ్రౌజర్ చేతనే రౌటర్ తలుపు కొట్టించి, admin, admin అని చెప్పించి, లోపల సెట్టింగ్ మార్పించగలదు. ఇది సాధ్యమేనని అమెరికాలోని ఇండియానా విశ్వవిద్యాలయం, సిమాంటెక్ సంస్థ పరిశోధకులు 2007 నాటికే చూపించారు. కొత్త బ్రౌజర్లు ఇలా ఇంటి లోపలి పరికరాల జోలికి వెళ్లే పేజీలకి అడ్డు చెప్పడం, అనుమతి అడగడం మొదలుపెట్టాయి కానీ, అన్ని ఫోన్లలోనూ కొత్త బ్రౌజరే ఉంటుందని నమ్మలేం. తాళం మారిస్తే మాత్రం ఈ దారి దాదాపు మూసుకుపోతుంది. చెప్పాల్సిన పాస్‌వర్డ్ ఆ పేజీకి తెలియదు కాబట్టి.

లోపలికొచ్చినవాడు మార్చేది ఎక్కువగా డీఎన్ఎస్ సెట్టింగ్. మనం బ్యాంకు సైట్ పేరు కొట్టినప్పుడు, ఆ పేరుకి సంబంధించిన సర్వర్ ఏ అంకెల చిరునామాలో ఉందో చెప్పేది డీఎన్ఎస్. ఆ సమాధానం ఎవరిని అడగాలో రౌటర్‌లో రాసి ఉంటుంది. అక్కడ దొంగ చిరునామా పెడితే ఇంట్లో ప్రతి ఫోనూ, ప్రతి కంప్యూటరూ దొంగనే దారి అడుగుతాయి. ఒక్క ఫోన్‌లోనూ వైరస్ ఉండదు, యాంటీవైరస్‌కి ఏమీ దొరకదు. డీఎన్ఎస్ ఛేంజర్ అనే ముఠా సుమారు 40 లక్షల కంప్యూటర్లని ఇలా దారి మళ్లించింది. 2011 నవంబర్లో ఎఫ్‌బీఐ ఆ ముఠాని పట్టుకుంది. ఆ మాల్వేర్ కంప్యూటర్‌తో ఆగకుండా, రౌటర్‌కి ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ ఉంటే అందులోనూ డీఎన్ఎస్ మార్చేది. ఇప్పుడు బ్యాంకు సైట్లన్నీ హెచ్‌టీటీపీఎస్ వాడుతున్నాయి కాబట్టి, దొంగ సర్వర్‌కి వెళ్తే బ్రౌజర్ సర్టిఫికెట్ సరిగా లేదని హెచ్చరిక చూపిస్తుంది. ఆ హెచ్చరికని దాటి ముందుకు వెళ్తే మాత్రం కాపాడేవారు లేరు.

ఇక పరీక్ష, మార్పు ఎలా చేయాలో ఖమ్మంలో మా బాబాయి వాళ్లింట్లో చేసిన పనే చెబుతాను. ఆయన రిటైరయ్యారు. కొత్త ల్యాప్‌టాప్‌లో యాంటీవైరస్ పెట్టించుకుంటే రౌటర్ దగ్గర ఎర్ర గుర్తు వచ్చింది. “మొన్ననే కదరా పాస్‌వర్డ్ మార్చాను, ఇంకా ఏడుస్తుందేమిటి?” అన్నారు. “మీరు మార్చింది వైఫైది బాబాయ్, ఇది వేరే” అన్నాను. పిన్ని వంటింట్లోంచి, “నెట్ పోగొట్టకండి, సాయంత్రం అమెరికా నుంచి వీడియో కాల్ ఉంది” అని ముందే హెచ్చరించింది. ఆవిడ భయం నిజమైందే, దాని సంగతి తర్వాత చెబుతాను.

ముందు రౌటర్ చిరునామా కావాలి. విండోస్ కంప్యూటర్‌లో స్టార్ట్ దగ్గర cmd అని కొట్టి, వచ్చిన నల్ల తెరలో ఈ ఒక్క మాట టైప్ చేసి ఎంటర్ నొక్కాలి:

```
ipconfig
```

వచ్చిన వరసల్లో Default Gateway అన్నదానికి ఎదురుగా ఉన్న అంకెలే రౌటర్ చిరునామా. బాబాయి ఇంట్లో అది 192.168.0.1. కొన్ని ఇళ్లలో 192.168.1.1 ఉంటుంది, జియో ఫైబర్ ఇళ్లలో మామూలుగా 192.168.29.1. ఐఫోన్‌లో అయితే వైఫై సెట్టింగుల్లో మన నెట్‌వర్క్ పక్కనున్న చిన్న i గుర్తు నొక్కితే Router అని కనిపిస్తుంది. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో అదే చోట Gateway అని ఉంటుంది.

ఆ అంకెల్ని బ్రౌజర్‌లో పైన ఉండే అడ్రస్ పట్టీలో http:// ముందు పెట్టి కొట్టాలి. గూగుల్ వెతుకులాట పెట్టెలో కొట్టకూడదు. అలా కొడితే రౌటర్ లాగిన్‌కి సాయం చేస్తామంటూ రకరకాల సైట్లు, కస్టమర్ కేర్ పేరుతో ఫోన్ నంబర్లు వస్తాయి. వాటిలో మోసగాళ్లవీ ఉంటాయి, ఏ నంబర్‌కీ ఫోన్ చేయొద్దు. సరైన పేజీ తెరుచుకున్నప్పుడు బ్రౌజర్ Not secure అంటుంది. ఇది ఇంటి లోపలి పెట్టె, పేజీ మామూలు హెచ్‌టీటీపీలో వస్తోంది, అందుకే అలా అంటోంది. ఈ ఒక్కచోట దానికి కంగారు పడక్కర్లేదు. ఫోన్ నుంచి చేస్తుంటే ముందు మొబైల్ డేటా ఆపెయ్యాలి, లేకపోతే ఫోన్ ఆ దారిలో పోయి పేజీ అసలు తెరుచుకోదు.

లాగిన్ పేజీలో admin, admin కొట్టాను. తెరుచుకుంది. పరీక్ష చెప్పింది నిజమే. తెరుచుకోకపోతే admin, password అనీ, రౌటర్ అడుగున స్టిక్కర్ మీద ఉన్నదీ ప్రయత్నించవచ్చు. మూడు నాలుగుసార్లు తప్పు కొడితే కొన్ని పెట్టెలు కాసేపు తాళం వేసేసుకుంటాయి, అప్పుడు కొద్ది నిమిషాలు ఆగాలి. ఇదంతా మన సొంత రౌటర్ మీదే. పక్కింటి రౌటర్ మీద సరదాకి ప్రయత్నించినా ఐటీ చట్టం 43, 66 సెక్షన్ల కిందకి వచ్చే పని అది.

కొత్త రౌటర్లలో ఒక్కో పెట్టెకి ఒక్కో పాస్‌వర్డ్ స్టిక్కర్ మీద ముద్రించి ఇస్తున్నారు. పరీక్ష దాన్ని పచ్చగానే చూపిస్తుంది, ఎందుకంటే అది ప్రయత్నించేది అందరికీ తెలిసిన జతల్ని మాత్రమే. స్టిక్కర్ పాస్‌వర్డ్ admin కంటే ఎంతో మేలు. కాకపోతే పెట్టె హాల్లో గోడకి ఉంటే వచ్చినవాళ్లెవరైనా ఫొటో తీసుకోవచ్చు. కాబట్టి దాన్నీ మార్చడమే నా సలహా.

లోపలికి వెళ్లగానే పాస్‌వర్డ్ మార్చెయ్యాలనిపిస్తుంది. నేను మార్చలేదు. తాళం ఇన్నాళ్లూ తెరిచే ఉంది కాబట్టి, ఎవరైనా వచ్చి వెళ్లారేమో ముందు చూడాలి. దొంగ డీఎన్ఎస్ అప్పటికే పెట్టి ఉంటే, పాస్‌వర్డ్ మార్చినంత మాత్రాన అది పోదు. కొత్త తాళం వెనక భద్రంగా పనిచేస్తూనే ఉంటుంది. డీఎన్ఎస్ రెండు చోట్ల ఉంటుంది. ఒకటి WAN పేజీలో, ఇంకోటి DHCP పేజీలో. బాబాయి రౌటర్‌లో మొదటిది ఆపరేటర్ నుంచి దానంతటదే తీసుకునేలా ఉంది, రెండోచోట 0.0.0.0 అని ఉంది. అంటే ప్రత్యేకంగా ఎవరూ ఏదీ పెట్టలేదని అర్థం. 8.8.8.8, 1.1.1.1 లాంటివి ఉంటే అవి గూగుల్, క్లౌడ్‌ఫ్లేర్ నడిపే ప్రసిద్ధ డీఎన్ఎస్‌లు, ఇంట్లోవాళ్లో టెక్నీషియనో పెట్టి ఉంటారు. ఇవేవీ కాని తెలియని అంకెలు కనిపిస్తే ఫొటో తీసి, అవి మీవేనా అని ఆపరేటర్‌ని అడగాలి. కాదంటే రౌటర్‌లోకి ఎవరో వచ్చారని అనుకోవాల్సిందే.

డీఎన్ఎస్ బాగుంది కానీ, Remote Management అనే పేజీ బాగాలేదు. అక్కడ 255.255.255.255 అని ఉంది. ఈ మోడల్‌లో దాని అర్థం, బయట ఎక్కడి నుంచైనా ఈ లాగిన్ పేజీ తెరవవచ్చని. ఇన్‌స్టాల్ చేసినవాళ్లు తమ ఆఫీసు నుంచే సరిచేసుకోవడానికి వీలుగా పెట్టి ఉండాలి. మన దేశంలో చాలా కనెక్షన్లకి ఆపరేటర్ సొంతంగా పబ్లిక్ చిరునామా ఇవ్వడు, అనేక ఇళ్లని ఒకే చిరునామా వెనక పెడతాడు. దానివల్ల ప్రపంచమంతటి నుంచీ నేరుగా రాలేకపోవచ్చు. కానీ అదే ఆపరేటర్ నెట్‌వర్క్‌లో ఉన్న ఇంకో ఇంటి కంప్యూటర్‌కి దారి ఉండే వీలుంది. దాన్ని 0.0.0.0 చేసి మూసేశాం.

తర్వాత నెట్ తెచ్చే తీగని రౌటర్ వెనక WAN అని రాసి ఉన్న రంధ్రంలోంచి తీసేసి, రౌటర్‌ని ఆపి మళ్లీ వేశాం. వైఫై పనిచేస్తూనే ఉంటుంది, బయటికి దారి మాత్రం ఉండదు. దీనికి కారణం ఉంది. మిరాయ్ రకం మాల్వేర్ తాత్కాలిక జ్ఞాపకంలో మాత్రమే ఉంటుంది, కరెంటు ఆపితే పోతుంది. కానీ నెట్ తగిలే ఉండి, పాత పాస్‌వర్డే ఉంటే, కొద్ది నిమిషాల్లోనే మళ్లీ పట్టుకుంటుంది. అందుకే తీగ తీసి, ఆపి, వేసి, పాస్‌వర్డ్ మార్చి, ఆ తర్వాతే తీగ పెట్టాలి.

పాస్‌వర్డ్ మార్చే చోటు ఒక్కో రౌటర్‌లో ఒక్కో పేరుతో ఉంటుంది. బాబాయి రౌటర్‌లో System Tools కింద Password. మిగతావాటిలో Administration, Management, Maintenance అన్న మాటల కింద వెతకాలి. Wireless అన్న మాట కింద ఉన్నది వైఫై పాస్‌వర్డ్, మనకి కావాల్సింది అది కాదు. పాత యూజర్‌నేమ్, పాత పాస్‌వర్డ్ అడిగి, కొత్తవి రెండుసార్లు కొట్టమంటుంది. యూజర్‌నేమ్ కూడా మార్చనిస్తే మార్చడం మంచిదే, మార్చనివ్వకపోయినా ఫరవాలేదు, బలం పాస్‌వర్డ్‌లోనే ఉంది.

ఈ రౌటర్ పద్నాలుగు అక్షరాలకి మించి ఒప్పుకోదు, మధ్యలో ఖాళీ కూడా వద్దంటుంది. పాత పెట్టెలతో వచ్చే చిక్కు ఇది. కొన్నయితే పొడుగు ఎక్కువైనా ఏమీ చెప్పకుండా తోక కత్తిరించి దాచుకుంటాయి. తర్వాత మనం పూర్తి పాస్‌వర్డ్ కొడితే తప్పంటాయి. అందుకే పేజీ మీద రాసిన హద్దు చూసుకుని దాని లోపలే ఉండాలి, వింత గుర్తులు మానెయ్యాలి. సంబంధం లేని రెండు తెలుగు మాటలు ఇంగ్లీషు అక్షరాల్లో, మధ్యలో అంకెలు పెడితే గుర్తుంటుంది. vepa58gampa3 లాంటిది. ఇక్కడ అచ్చయింది కాబట్టి ఇదే పెట్టుకోకండి. వైఫై పాస్‌వర్డే దీనికీ పెట్టకూడదు. అది చుట్టాలందరికీ తెలుసు కాబట్టి రెండు తాళాలూ ఒకటైపోతాయి. పిల్లల పేరు, ఫోన్ నంబర్, ఇంటి నంబర్ కూడా వద్దు.

సేవ్ కొట్టగానే రౌటర్ మమ్మల్ని బయటికి పంపి మళ్లీ లాగిన్ అడిగింది. కొత్తది కొడితే తెరుచుకుంది. చాలామంది ఇక్కడ ఆగిపోతారు. అసలు పరీక్ష, పాతది పనిచేయకుండా పోయిందో లేదో చూడటం. బ్రౌజర్‌లో ప్రైవేటు విండో తెరిచి admin, admin కొట్టాం. మామూలు విండోలో అయితే బ్రౌజర్ గుర్తుపెట్టుకున్న లాగిన్ అడ్డొచ్చి మనల్ని తప్పుదారి పట్టించవచ్చు. రౌటర్ కుదరదంది. తర్వాత ఇంకోసారి కరెంటు ఆపి వేసి, రెండు మూడు నిమిషాలు ఆగి, మళ్లీ అదే చూశాం. కొన్ని ఫైబర్ పెట్టెల్లో మార్పు చేశాక Commit అనో Save and Reboot అనో ఇంకో బటన్ నొక్కాలి. నొక్కకపోతే మార్పు అప్పటికి పనిచేసినట్టే ఉండి, మొదటిసారి కరెంటు పోగానే పాత పాస్‌వర్డ్ తిరిగొచ్చేస్తుంది. మన ఊళ్లలో కరెంటు పోకుండా ఎన్నాళ్లుంటుంది? అందుకే ఆపి వేసి చూడటం మానకూడదు.

అప్పుడు తీగ పెట్టి, ల్యాప్‌టాప్‌లో నెట్‌వర్క్ పరీక్ష మళ్లీ పెట్టాం. ఎర్ర గుర్తు పోయింది. పిన్ని వీడియో కాల్‌కి ఏ ఇబ్బందీ రాలేదు.

ఆవిడ భయం నిజమైందే అన్నాను కదా. పాస్‌వర్డ్ మర్చిపోయినవాళ్లు చేసేది, రౌటర్ వెనకున్న చిన్న రంధ్రంలో పిన్నీసు పెట్టి పది సెకన్లు నొక్కడం. దాంతో అన్నీ కంపెనీ నుంచి వచ్చినట్టే అయిపోతాయి. వైఫై పేరు, పాస్‌వర్డ్ పోతాయి. వాటితో పాటు ఆపరేటర్ నెట్‌కి లాగిన్ అవడానికి పెట్టిన పీపీపీఓఈ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ కూడా పోతాయి. అవి మన దగ్గర లేకపోతే టెక్నీషియన్ వచ్చేదాకా నెట్ ఉండదు. కాబట్టి ఆ బటన్ జోలికి వెళ్లేముందు పీపీపీఓఈ వివరాలు అడిగి రాసి పెట్టుకోవాలి. ఎవరో లోపలికి వచ్చారని తేలితే ఈ రీసెట్ తప్పదు కూడా. కొత్త పాస్‌వర్డ్‌ని బాబాయి డైరీలో రాసి బీరువాలో పెట్టారు. అది తప్పేమీ కాదు. ఇంటర్నెట్‌లోని దొంగ బీరువా తెరవలేడు. రౌటర్ మీదే అతికించడం మాత్రం వద్దు.

ఈ మార్పు ఎంతవరకు కాపాడుతుందో కూడా తెలిసి ఉండాలి. ఆపరేటర్ ఇచ్చిన ఫైబర్ పెట్టెల్లో తరచుగా రెండు ఖాతాలుంటాయి. స్టిక్కర్ మీదున్నది మనది, పెద్ద అధికారాలున్న రెండోది ఆపరేటర్ దగ్గర ఉంటుంది. మనం మార్చేది మనదాన్నే. రెండోది మార్చారా, అన్ని ఇళ్లకీ ఒకటే పెట్టారా అని ఆపరేటర్‌ని అడిగే హక్కు మనకుంది, అడగాలి. ఫైబర్ పెట్టె, దానికి తోడు మనం కొన్న రౌటర్, ఇలా రెండు పెట్టెలుంటే ipconfig మనకి దగ్గరున్న దాన్నే చూపిస్తుంది, రెండో పెట్టెని దాని స్టిక్కర్ మీద ఉన్న చిరునామాతో విడిగా చూసుకోవాలి. ఇక రౌటర్ సాఫ్ట్‌వేర్‌లోనే లోపముంటే ఎంత గట్టి పాస్‌వర్డూ ఆపలేదు. 2016 నవంబర్లో జర్మనీలో డాయిష్ టెలికామ్ వినియోగదారుల రౌటర్లు సుమారు 9 లక్షలు ఆగిపోయింది పాస్‌వర్డ్ వల్ల కాదు, నిర్వహణ కోసం తెరిచి ఉంచిన దారి మీద జరిగిన దాడి వల్ల. అందుకే లాగిన్ అయినప్పుడే Firmware Upgrade పేజీ కూడా చూసి, కొత్తది ఉంటే వేసుకోవాలి. కంపెనీ అప్‌డేట్లు ఇవ్వడం మానేసిన పాత రౌటర్‌ని మార్చెయ్యడమే దారి.

బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ 29 నుంచి అన్ని పెట్టెలకీ ఒకే పాస్‌వర్డ్ పెట్టి ఇలాంటి పరికరాలు అమ్మడం చట్టవిరుద్ధం. కాలిఫోర్నియాలో 2020 నుంచే అలాంటి చట్టం ఉంది. అంతకుముందే కొని ఇంట్లో బిగించుకున్న పెట్టెల్ని ఏ చట్టమూ వచ్చి సరిచేయదు.

నెట్ బాగుచేయడానికి టెక్నీషియన్ వచ్చి రౌటర్ రీసెట్ చేసినా, పెట్టె మార్చినా పాస్‌వర్డ్ మళ్లీ మొదటికే వస్తుంది. ఆపరేటర్ తన వైపు నుంచి సెట్టింగులు కొత్తగా పంపినా అలా జరగవచ్చు. అందుకని మరమ్మతు అయిన ప్రతిసారీ, అతను గడప దాటకముందే, ఆ అంకెలు కొట్టి admin, admin తెరుచుకుంటుందేమో చూడండి. తెరుచుకుంటే అతని ఎదురుగానే మార్పించండి.